బాస్కెట్‌బాల్ నుంచి నెట్‌బాల్‌కి వచ్చాను, రెండడుగుల్లో ఆగినా ఫుట్‌వర్క్ అంటున్నారు. ఎక్కడ తప్పుతున్నాను?

హరిణి_గార్డ్

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లు బాస్కెట్‌బాల్ ఆడాను, ఎప్పుడూ గార్డ్‌గానే. ఈ ఏడాది నెట్‌బాల్ జట్టులో చేరితే వింగ్ అటాక్ బిబ్ ఇచ్చారు. మొదటి మ్యాచ్‌లోనే ఫుట్‌వర్క్ కింద నా మీద ఆరుసార్లు విజిల్ పడింది. ఆరుసార్లూ బంతి అవతలి జట్టుకి ఫ్రీ పాస్‌గా వెళ్లిపోయింది. నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

డ్రిబుల్ ఉండదని తెలుసు, బంతితో పరుగెత్తకూడదనీ తెలుసు. నేను పరుగెత్తట్లేదు. పరుగులో బంతి అందుకుని రెండడుగుల్లో ఆగుతున్నాను. బాస్కెట్‌బాల్‌లో దాన్ని ఏ రిఫరీ ట్రావెలింగ్ అనడు.

మా జట్టులో ఒకరు ఫోన్‌లో తీసిన వీడియోని నెమ్మదిగా నడిపి చూశాను. ఒక సందర్భం రాస్తాను. నేను కుడివైపు గీత వెంబడి పరుగెత్తుతున్నాను. బంతి రెండు చేతుల్లోకి వచ్చిన క్షణానికి నా ఎడమ కాలు నేల మీద ఉంది. తర్వాత కుడి కాలు పడింది. తర్వాత మళ్లీ ఎడమ. ఆ ఎడమ పడగానే విజిల్. బంతి ఇంకా చేతిలోనే ఉంది. కుడి ఒకటి, ఎడమ రెండు. రెండడుగులే కదా?

ఇది కాక రెండుసార్లు ఆఫ్‌సైడ్ కూడా ఇచ్చారు. అది నాకు అర్థమైంది, షూటింగ్ సర్కిల్‌లోకి కాలు పెట్టాను. కానీ అలా పడకుండా ఎలా ఆడాలో తెలియట్లేదు. రెండు ఆటలూ తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

నాగరాజు

హరిణి గారూ, నెట్‌బాల్‌లో బంతి పట్టాక అడుగు వేయడమే ఉండదండీ. ఏ కాలు మీద దిగారో ఆ కాలు అక్కడే ఉండిపోవాలి. రెండో కాలితో అటూ ఇటూ తిరగొచ్చు, అంతే. దిగిన కాలు లేచిందంటే ఫౌల్. బాస్కెట్‌బాల్‌లో రెండడుగులు ఇస్తారు, ఇక్కడ సున్నా. మీరు రెండు వేశారు కాబట్టి విజిల్ పడింది.

పాత_అంపైర్

నాగరాజు గారు చెప్పినదాంట్లో సగం సరిగ్గానే ఉంది. మిగతా సగాన్ని నమ్మి ఆడితే హరిణి ఆట పూర్తిగా బిగుసుకుపోతుంది. పదిహేనేళ్లు నెట్‌బాల్‌కి విజిల్ వేశాను, అంతకుముందు బాస్కెట్‌బాల్ ఆడాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

దిగిన కాలు లేపొచ్చు. లేపాక మళ్లీ నేలకి ఆనేలోపు బంతి చేతిలోంచి వెళ్లిపోవాలి. తప్పు లేపడంలో లేదు, తిరిగి ఆనించడంలో ఉంది. అంటే ఎడమ కాలి మీద దిగారనుకోండి. కుడి కాలు ముందుకి వేయొచ్చు, ఎడమ పైకి లేపొచ్చు, బరువంతా కుడి మీదికి తెచ్చి బంతి విసరొచ్చు. బంతి వెళ్లాక ఎడమ ఎక్కడ పడినా ఎవరూ అడగరు. నాగరాజు గారి లెక్కన ఆడితే ప్రతి పాస్ నిలబడిన చోటు నుంచి ఒట్టి చేతుల బలంతో వెళ్లాలి. అలా ఎవరూ ఆడరు.

ఇక హరిణి వీడియో సంగతి. ఆ అమ్మాయి లెక్కలో కుడి ఒకటి, ఎడమ రెండు. అంపైర్ లెక్క అంతకన్నా ముందే మొదలైంది. బంతి చేతుల్లోకి వచ్చేటప్పటికి నేల మీద ఏ కాలు ఉందో నెట్‌బాల్‌లో అదే ల్యాండింగ్ కాలు. హరిణికి అది ఎడమ. కుడి వేసింది, మంచిదే. ఎడమ లేచింది, అదీ మంచిదే. మళ్లీ ఎడమ పడింది, బంతి చేతిలోనే ఉంది. విజిల్ సరైనదే.

బాస్కెట్‌బాల్‌లో ఇదే మూడు కాళ్ల వరుస ఒప్పవుతుంది. ఎందుకంటే అక్కడ కదులుతూ బంతి పట్టినప్పుడు నేల మీద ఉన్న కాలిని లెక్కలోకి తీసుకోరు. జీరో స్టెప్ అంటారు కదా, అది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా 2017లో దాన్ని నిబంధనల్లో స్పష్టంగా పెట్టింది. సున్నా, ఒకటి, రెండు. హరిణి శరీరం ఆ సున్నాతో పెరిగింది. నెట్‌బాల్‌లో సున్నా లేదు, ఆ కాలే ఒకటి. నా అనుభవంలో బాస్కెట్‌బాల్ నుంచి వచ్చినవాళ్ల మీద పడే విజిల్స్‌లో చాలాభాగం ఈ ఒక్క కాలి దగ్గరే.

కిరణ్_కోర్ట్

నాకూ ఇదే ఇబ్బంది ఉండేది. గ్రిప్ బాగా ఉన్న షూస్‌కి మారండి హరిణి గారూ. పాత సోల్స్‌తో ఆగలేక జారిపోతాం, ఒక అడుగు అదనంగా పడుతుంది. నేను మార్చాక తేడా తెలిసింది.

మాధవి_టీచర్

కిరణ్ గారూ, ఆవిడ జారట్లేదండీ, ఆవిడ అడుగులు ఎక్కడినుంచి లెక్కపెట్టాలో అడుగుతున్నారు. అయితే మీరన్న జారడానికీ ఇక్కడ ఒక సంబంధం ఉంది. ల్యాండింగ్ కాలు నేల మీద ఈడ్చుకుంటూ జరిగితే అదీ ఫుట్‌వర్క్ తప్పే. ఆ కాలి మీదే గెంతి మళ్లీ ఆ కాలి మీదే దిగినా తప్పే. ఆ కాలి ముందరి భాగం మీద తిరగడం మాత్రం ఎంతసేపైనా తిరగొచ్చు. ఎంతసేపైనా అంటే మూడు సెకన్లలోపు, ఎందుకంటే అప్పటికి బంతి వెళ్లిపోవాలి.

హరిణి_గార్డ్

పాత_అంపైర్ గారూ, చాలా థాంక్స్. మీరు రాసింది చదివి మిగతా ఐదు వీడియోలూ చూశాను. నాలుగింట్లో అచ్చం ఇదే. ఐదోదాంట్లో మాత్రం నేను గాల్లోకి ఎగిరి పట్టాను, కుడి కాలి మీద దిగాను, ఎడమ వేశాను, ఎడమ మీద మళ్లీ ఎగిరాను, ఇంకా పాస్ ఇవ్వలేదు, కుడి కాలి మీద దిగాను, అప్పుడు విజిల్. ఇది ఏ లెక్కలోకి వస్తుంది? లేఅప్ అడుగులు నెట్‌బాల్‌లో అసలు కుదరవా?

పాత_అంపైర్

మంచి ప్రశ్న. లేఅప్ కాళ్ల వరుస నెట్‌బాల్‌లో కుదురుతుంది. ఇది విని బాస్కెట్‌బాల్ వాళ్లు ఆశ్చర్యపోతారు.

గాల్లో ఉండగా బంతి అందుకుంటే మొదట దిగిన కాలు ల్యాండింగ్ కాలు. ఐదో వీడియోలో అది కుడి. కుడి నుంచి ఎడమ మీదికి వెళ్లి, ఎడమ మీద ఎగరొచ్చు. ఎగిరాక ఏ కాలూ నేలకి తాకకముందే బంతి వదలాలి. మీరు గాల్లో ఉన్నప్పుడే పాస్ ఇచ్చి ఉంటే విజిల్ ఉండేది కాదు. పాస్ ఇవ్వకుండా దిగారు, అక్కడ తప్పింది.

బాస్కెట్‌బాల్‌లో కూడా గాల్లో పట్టినప్పుడు మొదట దిగిన కాలే ఒకటో అడుగు. అంటే గాల్లో పట్టిన బంతికి రెండు ఆటల్లోనూ కాళ్ల లెక్క దాదాపు ఒకటే. కదలకుండా నిలబడి పట్టినప్పుడూ అంతే. అక్కడా పివట్ కాలు లేపి పాస్ ఇవ్వొచ్చు, షాట్ వేయొచ్చు. లేపాక డ్రిబుల్ మొదలుపెట్టినా, బంతి వదలకముందే ఆ కాలు మళ్లీ ఆనించినా తప్పు. పరుగులో, ఒక కాలు నేల మీద ఉండగా పట్టిన బంతి దగ్గర మాత్రం రెండు ఆటలూ విడిపోతాయి.

కాబట్టి మీరు నేర్చుకోవాల్సిందీ ఒక్కటే. పరుగులో పట్టొద్దు, చిన్న గెంతు వేసి గాల్లో పట్టండి. పెద్ద గెంతు అక్కర్లేదు, రెండు పాదాలూ నేల విడిస్తే చాలు. మీ జీరో స్టెప్‌ని బంతి అందుకోక ముందుకి జరుపుతున్నట్టు అనుకోండి.

నాగరాజు

నేను చెప్పింది తప్పని ఒప్పుకుంటున్నాను. మా కోచ్ "కాలు కదిలిందా, పోయావు" అని నేర్పారు, నేనూ అదే నిబంధన అనుకున్నాను. రెండు కాళ్లతో ఒకేసారి దిగితే ఎలా అండీ?

మాధవి_టీచర్

రెండూ ఒకేసారి దిగితే ఎంపిక మీదే నాగరాజు గారూ. ఏ కాలు ముందు కదిలిస్తే రెండోది ల్యాండింగ్ కాలు అవుతుంది. బాస్కెట్‌బాల్‌లో జంప్ స్టాప్ వేసి పివట్ ఎంచుకోవడం లాంటిదే.

నేను పన్నెండు పదమూడేళ్ల అమ్మాయిలకి నేర్పుతాను. మీ కోచ్ లాగా నేనూ మొదట్లో "కదలొద్దు" అనే చెప్పేదాన్ని. పిల్లలు బొమ్మల్లా నిలబడిపోయేవాళ్లు. ఇప్పుడు వేరేలా చేస్తున్నాను. బంతి పట్టగానే ఏ కాలి మీద దిగారో గట్టిగా అరవాలి, "ఎడమ" అనో "కుడి" అనో. రెండు కాళ్లతో దిగితే "రెండు". మొదటి వారం సగంమంది తప్పు కాలి పేరు అరుస్తారు. వాళ్ల కాలు వాళ్లకే తెలియట్లేదన్నమాట. అది తెలిసొచ్చాక విజిల్స్ వాటంతటవే తగ్గుతాయి. రెండో వారం నుంచి అరిచిన కాలు లేపి బంతి విసరమంటాను, ఆ కాలు పడేలోపు బంతి అవతలి చేతుల్లో ఉండాలని పందెం. హరిణి గారు పెద్దవాళ్లే, అయినా ఒకసారి ప్రయత్నించి చూడండి. అరవడానికి సిగ్గుపడొద్దు.

సందీప్_త్రీపాయింట్

బాస్కెట్‌బాల్ మాత్రమే ఆడేవాణ్ణి, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పొజిషన్ల గురించి ఒక మాట. బాస్కెట్‌బాల్‌లోనూ ఎక్కడ ఉండొచ్చో ఉండకూడదో నిబంధన ఉంది కదా? అవతలి జట్టు బుట్ట ముందున్న రంగు గదిలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. బంతి సగం గీత దాటాక వెనక్కి తీసుకెళ్లకూడదు. కాబట్టి నెట్‌బాల్‌లో ఉన్నది పెద్ద తేడా ఏం కాదేమో, కొంచెం కఠినంగా ఉంది అంతే అనిపిస్తోంది.

మూడో_గీత

సందీప్ గారూ, మీరన్న రెండు నిబంధనలూ ఉన్న మాట నిజం. అవి కట్టేసేది దేన్నో చూడండి. మూడు సెకన్ల నిబంధన సమయాన్ని కట్టేస్తుంది, మనిషిని కాదు. బయటికి వచ్చి మళ్లీ వెళ్లొచ్చు. సగం గీత నిబంధన బంతిని కట్టేస్తుంది. బంతి లేని ఆటగాడు ఎటైనా తిరగొచ్చు. పాయింట్ గార్డ్, సెంటర్ అనేవి జట్లు చేసుకున్న ఏర్పాట్లు, నిబంధనల పుస్తకం వాళ్లని వేరుచేయదు. అయిదుగురిలో ఎవరైనా ఎక్కడినుంచైనా షాట్ వేయొచ్చు.

నెట్‌బాల్‌లో బిబ్ మీదున్న అక్షరాలే మీ హద్దు. కోర్టు పొడవునా మూడు భాగాలు, రెండు చివర్లా 4.9 మీటర్ల వ్యాసార్థంతో అర్ధవృత్తం, దాన్నే షూటింగ్ సర్కిల్ అంటాం. గోల్ షూటర్ దాడి చేసే ఒక్క భాగంలో, దాని సర్కిల్‌లో తిరుగుతుంది. సెంటర్ మూడు భాగాల్లోనూ తిరగొచ్చు, రెండు సర్కిల్స్‌లోకీ వెళ్లకూడదు. హరిణి గారి వింగ్ అటాక్‌కి మధ్య భాగం, దాడి చేసే భాగం ఉన్నాయి, సర్కిల్ లేదు. గోల్ వేసే హక్కు గోల్ షూటర్‌కీ గోల్ అటాక్‌కీ మాత్రమే, అదీ సర్కిల్ లోపలి నుంచే. బంతి మీ దగ్గర లేకపోయినా, ఆట అవతలి చివర జరుగుతున్నా, మీ పాదం మీది కాని చోట నేలకి తాకితే ఆఫ్‌సైడే.

అందుకే ఇది "కొంచెం కఠినం" కాదండీ. ఏడుగురికి ఏడు మ్యాపులు. ఎదుటి జట్టులో మిమ్మల్ని కాచేవాళ్ల మ్యాపు మీ మ్యాపుకి అద్దంలో బింబం. వింగ్ అటాక్ ఎక్కడ తిరగగలదో అవతలి వింగ్ డిఫెన్స్ అక్కడే తిరగగలదు.

సందీప్_త్రీపాయింట్

అర్థమైంది. నేను దీన్ని బంతి వైపు నుంచే చూశాను. మరి ఇంత తేడా ఎలా వచ్చింది? ఒకే ఆట నుంచి పుట్టాయంటారు కదా.

రింగ్_కింద

నాకు ఈ విషయం ఎప్పుడూ ఇష్టం. బాస్కెట్‌బాల్‌ని కనిపెట్టిన నైస్మిత్ 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రాసిన 13 నిబంధనల్లో మూడోది ఏమంటుందంటే, ఆటగాడు బంతితో పరుగెత్తకూడదు, పట్టిన చోటు నుంచే విసరాలి, పరుగులో పట్టినవాడు ఆగడానికి ప్రయత్నిస్తే కాస్త వెసులుబాటు ఇవ్వాలి. చదివితే ఇది నెట్‌బాల్ నిబంధనలాగే ఉంటుంది! డ్రిబుల్ తర్వాత వచ్చింది. అంటే కాళ్ల విషయంలో పాత నిబంధనకి దగ్గరగా ఉండిపోయింది నెట్‌బాలే, దూరం జరిగింది బాస్కెట్‌బాల్.

హద్దుల కథ వేరు. న్యూ ఆర్లియన్స్‌లో క్లారా బేర్ అనే టీచర్ నైస్మిత్‌ని నిబంధనలు అడిగి తెప్పించుకుందనీ, ఆటగాళ్లు ఎక్కడ నిలబడితే బాగుంటుందో చూపించే గీతల్ని దాటకూడని హద్దులుగా అర్థం చేసుకుందనీ చెబుతారు. 1895లో ఆమె అచ్చు వేయించిన నిబంధనల్లో ఆ హద్దులు ఉన్నాయి. పొరపాటు నుంచి ఇంత అందమైన ఆట పుట్టిందన్నమాట.

మూడో_గీత

ఆ కథ నాకూ ఇష్టమే, కానీ మొత్తం ఘనత ఆ ఒక్క పొరపాటుకే ఇవ్వలేం. స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ కూడా అమ్మాయిల ఆటకి కోర్టుని మూడు భాగాలు చేసింది. ఆవిడది పొరపాటు కాదు, కావాలని చేసిన మార్పు. ఒక్కరే కోర్టంతా పరుగెత్తి ఆటని తన చుట్టూ తిప్పుకోకూడదన్నది ఆవిడ ఆలోచన. ఇంగ్లాండులో నెట్‌బాల్ నిబంధనలు 1901లో అచ్చయ్యాయి, ఈ ఆలోచనలన్నీ అందులోకి చేరాయి.

రింగ్_కింద

అది ఒప్పుకుంటాను. అయినా ఇద్దరిలో ఎవరి ప్రభావం ఎక్కువ అన్నది నాకు తేలలేదు.

హరిణి_గార్డ్

ఈ చర్చ చదువుతుంటే చాలా బాగుంది. మళ్లీ నా సర్కిల్ గొడవకి వస్తాను. రెండు ఆఫ్‌సైడ్‌లూ ఒకే రకంగా జరిగాయి. సర్కిల్ అంచు వైపు పరుగెత్తి బంతి పట్టాను, కుడి కాలు గీత బయట పడింది. ఆపుకోలేక ఎడమ కాలు గీత దాటి లోపల పడింది. బాస్కెట్‌బాల్‌లో ఆ వేగంలో నేను ఒక డ్రిబుల్ వేసి పక్కకి తప్పుకునేదాన్ని. ఇక్కడ ఆ వేగం ఎక్కడ పెట్టాలి?

పాత_అంపైర్

"ఆ వేగం ఎక్కడ పెట్టాలి" అన్న మాట దగ్గరే మొత్తం ఉందమ్మా. నీ ప్రశ్నలు రెండనుకున్నావు, అవి ఒకటే. ఫుట్‌వర్క్ నిబంధన ఒక కాలిని కట్టేస్తే, హద్దు నిబంధన రెండో కాలిని కట్టేస్తుంది. కుడి కాలు ల్యాండింగ్ కాలు, దాన్ని లేపి మళ్లీ ఆనించకూడదు. ఎడమ కాలు స్వేచ్ఛగా వేయొచ్చు, కానీ దానికి దొరికిన చోటు సర్కిల్ లోపల, అది నీది కాదు. బాస్కెట్‌బాల్‌లో మిగిలిన వేగాన్ని డ్రిబుల్ మింగేస్తుంది. నెట్‌బాల్‌లో దాన్ని దిగకముందే తగ్గించుకోవాలి.

వింగ్ అటాక్‌గా ఆడేవాళ్లు సర్కిల్ వైపు నేరుగా పరుగెత్తరు. అంచు వెంబడి వంపుగా వస్తారు. అప్పుడు రెండో అడుగు కూడా గీతకి సమాంతరంగా పడుతుంది. నేరుగా వచ్చినా, గీతకి ఒకటిన్నర అడుగు ముందే ల్యాండింగ్ కాలు దించితే రెండో కాలికి చోటు ఉంటుంది. వీలైతే బయటి కాలి మీద దిగు, అంటే సర్కిల్‌కి దూరంగా ఉన్న కాలు. అలా దిగితే లోపలి కాలు గీత దగ్గరికి చేరేసరికి బరువు వెనకే ఉంటుంది.

ఇంకో మాట. గీత మీద పాదం పడితే భయపడకు, గీత రెండు వైపులకీ చెందుతుంది. గీత మీదుగా లోపలికి ఒంగొచ్చు, చేతులు చాచి గోల్ షూటర్‌కి బంతి అందించొచ్చు. నీ శరీరంలో ఏ భాగమూ లోపలి నేలకి తాకకపోతే చాలు. పడిపోతూ ఒక చెయ్యి లోపల ఆనించినా మాత్రం ఆఫ్‌సైడే.

మాధవి_టీచర్

దీనికి ఒక ముక్క కలుపుతాను, ల్యాండింగ్ కాలి వల్ల లాభం కూడా ఉంది కాబట్టి. మిమ్మల్ని కాచే ఆటగత్తె 0.9 మీటర్లు దూరంగా ఉండాలి కదా, ఆ దూరం కొలిచేది మీ ల్యాండింగ్ కాలి నుంచి. మీరు ఆ కాలు లేపేసినా, అది ఉన్న చోటు నుంచే కొలుస్తారు. కాబట్టి ఒక అడుగు వెనక్కి దిగి, రెండో కాలు ముందుకి వేసి విసిరితే, దగ్గరికి వెళ్లింది మీరు, తప్పు ఎవరి మీదా పడదు. అవతలి ఆమె చెయ్యి మాత్రం మీ ముఖం ముందు పెద్దదవుతుంది. మా పిల్లలు మొదట్లో ముందుకి అడుగు వేసి, "టీచర్, దగ్గరికి వచ్చేసింది" అని ఫిర్యాదు చేస్తారు. రాలేదు, నువ్వే వెళ్లావని కాలి గుర్తు చూపించి చెప్పాలి.

కిరణ్_కోర్ట్

షూస్ మాట మళ్లీ ఎత్తుతున్నందుకు క్షమించండి, ఇది వేరే విషయం. పాత_అంపైర్ గారు గాల్లో పట్టమన్నారు. నేను అలా ఒంటికాలి మీద దిగి ఒక్కసారిగా ఆగబోయి మోకాలు మెలితిప్పుకున్నాను. ఎనిమిది నెలలు ఆటకి దూరం. లిగమెంట్ తెగింది. బాస్కెట్‌బాల్‌లో ఆ రెండడుగులు మోకాలికి కూడా ఊరటే. హరిణి గారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని రాస్తున్నాను.

పాత_అంపైర్

కిరణ్, మంచిపని చేశావు చెప్పి. నేనే ముందు రాసి ఉండాల్సింది. ఒక్కసారిగా ఆగడమే ఈ ఆటలో మోకాలికి పెద్ద పరీక్ష. మోకాలు బిగించి దిగకూడదు, మోకాలూ తుంటీ రెండూ మడిచి, పాదం వెళ్లే దిశలోనే మోకాలు ఉండేలా దిగాలి. దిగుతూ ఉండగానే పైశరీరాన్ని తిప్పకూడదు, ముందు దిగి తర్వాత తిరగాలి. రెండు కాళ్ల మీద దిగే అవకాశం ఉన్నప్పుడల్లా దాన్నే వాడుకోవడం మంచిది. బరువు సగం సగం పంచుకుంటుంది, ల్యాండింగ్ కాలు ఎంచుకునే వీలూ దొరుకుతుంది. హరిణీ, మొదటి రెండు వారాలు నడక వేగంలోనే చెయ్యి.

నాగరాజు

నాదొక సందేహం. బంతి వేళ్లకి తగిలి ఎగిరి, రెండోసారికి చేతిలో కుదురుకుంది అనుకోండి. ఆ మధ్యలో రెండు కాళ్లు పడ్డాయి. ల్యాండింగ్ కాలు ఎప్పటిది? తగిలినప్పటిదా, కుదురుకున్నప్పటిదా?

పాత_అంపైర్

కుదురుకున్నప్పటిది. అదుపులోకి రానంతవరకు అది క్యాచ్ కాదు, కాళ్ల లెక్క మొదలవదు. అదుపు కోసం బంతిని ఒకసారి తట్టుకోవడానికో, ఒకసారి నేలకి కొట్టుకోవడానికో వీలుంది. ఒకసారి పట్టేశాక వదిలి మళ్లీ తీసుకుంటే మాత్రం అది వేరే తప్పు.

మూడో_గీత

నిబంధన వరకు నేనూ ఒప్పుకుంటాను. మైదానంలో మాత్రం నేను అంత ధీమాగా ఉండలేను. నేనూ విజిల్ వేస్తాను. వేళ్ల చివర బంతి ఆగిన క్షణానికీ, అరచేతుల్లో కుదురుకున్న క్షణానికీ మధ్య ఒక కాలు పడిపోతుంది. ఒక అంపైర్ మొదటిదాన్ని అదుపు అంటారు, ఇంకొకరు రెండోదాన్ని. చేతుల వైపు చూస్తే కాళ్లు తప్పిపోతాయి, కాళ్లు చూస్తే చేతులు. నేను బంతి శబ్దం వింటాను, అరచేతికి తగిలిన చప్పుడు వినగానే కాళ్లు చూస్తాను. అది సరైన పద్ధతని రుజువు చేయలేను.

పాత_అంపైర్

శబ్దం పద్ధతి జనం ఎక్కువ ఉన్న హాల్లో పనిచేయదు. నేను కాళ్లనే చూస్తాను, బంతిని కంటి చివర్నుంచి పట్టుకుంటాను. అనుమానం ఉంటే ఊదను. మీరు ఊదుతారా?

మూడో_గీత

ఆ ఆటగత్తె ఆ అదనపు కాలితో ఎదుటివాళ్లని దాటేస్తే ఊదుతాను. ఇక్కడ మనం కలవం అనుకుంటాను.

హరిణి_గార్డ్

మూడు వారాల తర్వాత వస్తున్నాను. మాధవి టీచర్ గారు చెప్పినట్టు కాలి పేరు అరుస్తూ ప్రాక్టీస్ చేశాను. మొదటిరోజు ఇరవై క్యాచ్‌లలో పదకొండుసార్లు తప్పు కాలి పేరు చెప్పాను, మా జట్టు అమ్మాయి లెక్కపెట్టింది. నేను కుడి మీద దిగుతున్నానని ఇన్నాళ్లూ నమ్మాను, చాలాసార్లు ఎడమ అప్పటికే నేల మీద ఉంటోంది. ఎవరో పక్కన నిలబడి చూస్తే తప్ప తెలియదు.

నిన్నటి మ్యాచ్‌లో ఫుట్‌వర్క్ విజిల్ రెండుసార్లే పడింది. రెండూ నాలుగో క్వార్టర్‌లో, అలిసిపోయి గెంతు మర్చిపోయి పరుగులోనే పట్టినప్పుడు. ఆఫ్‌సైడ్ ఒకటీ లేదు. వంపుగా రావడం పనిచేసింది, ఒకసారి గీత మీద నిలబడి లోపలికి ఒంగి గోల్ షూటర్ చేతిలో బంతి పెట్టాను.

ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. గెంతి పట్టడం వల్ల వింగ్ డిఫెన్స్ నా ముందుకి వచ్చేస్తోంది, ఆ చిన్న గెంతులోనే ఒక అర అడుగు పోతోంది. ముందే వేగం తగ్గిస్తే బంతి ఆమె తీసుకుపోతోంది.

మాధవి_టీచర్

పదకొండు అంటే మా పిల్లలకన్నా నయం హరిణి గారూ. గెంతు పైకి వేస్తున్నారేమో చూడండి. పైకి కాదు, బంతి వైపుకి వేయాలి. మీరు బంతి కోసం ఆగితే ఆమె ముందుకి వస్తుంది, బంతి దగ్గరికి గెంతితే ఆమె వెనకే ఉంటుంది. పాస్ ఇచ్చే అమ్మాయితో మాట్లాడుకుని, మీ ఛాతీకి కాకుండా ఒక అడుగు ముందుకి వేయమనండి. ఈ వారం వీడియో తీస్తే ఇక్కడ పెట్టండి, మీ పాదాలు నేల విడిచే చోటు చూసి చెబుతాను.